నెట్ తెగే చోట మీటింగ్ రికార్డింగ్: కంప్యూటర్‌లోనా, క్లౌడ్‌లోనా?

జూమ్‌లో రికార్డు మీట నొక్కితే రెండు దారులు కనిపిస్తాయి: `Record on this Computer`, `Record to the Cloud`. మొదటిదాన్ని లోకల్ రికార్డింగ్ అని, రెండోదాన్ని క్లౌడ్ రికార్డింగ్ అని వాడుకలో పిలుచుకుంటున్నాం. నెట్ నిలకడగా ఉన్న ఇంట్లో ఈ రెంటిలో ఏది ఎంచుకున్నా పెద్ద తేడా ఉండదు. వర్షం పడితే లైను పోయే ఊళ్ళో, లేదా ఫోను హాట్‌స్పాట్ మీద నడిచే మీటింగులో మాత్రం ఎంపిక తప్పితే ఎవరి మాట కోసం రికార్డు చేస్తున్నామో ఆ మాటే ముక్కలై మిగులుతుంది.

ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. జూమ్ ఉచిత ఖాతాలో లోకల్ రికార్డింగ్ మాత్రమే ఉంటుంది. క్లౌడ్‌కు డబ్బు కట్టిన ఖాతా కావాలి. ఫోనులోగాని ట్యాబ్‌లోగాని లోకల్ రికార్డింగ్ ఉండదు, దానికి కంప్యూటరే ఉండాలి. గూగుల్ మీట్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ వాడేవారికి ఈ ఎంపికే లేదు, ఆ రెండూ రికార్డింగును నేరుగా తమ క్లౌడ్ నిల్వలోకే పంపుతాయి. అందువల్ల ఇక్కడ చెప్పేదంతా జూమ్‌ను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. మీట్, టీమ్స్ వాడేవారికి చివర్లో ఫోను రికార్డరు గురించి చెప్పిన భాగం పనికి వస్తుంది.

రికార్డు చేసే యంత్రం ఎక్కడ కూర్చుని ఉంది?

మీరు మాట్లాడిన మాట మైకులోంచి మొదట మీ కంప్యూటర్‌లోకి వస్తుంది, అక్కడి నుంచి మీ నెట్ లైను మీదుగా జూమ్ సర్వరుకు ఎక్కుతుంది, ఆ సర్వరు దాన్ని మిగతావారందరికీ పంచుతుంది. ఇతరుల మాటలు మీకు చేరేది కూడా ఆ సర్వరు నుంచే. లోకల్ రికార్డింగ్ చేసేది మీ కంప్యూటరు కాబట్టి మీ సొంత మాట నెట్ ఎక్కకముందే దానికి అందుతుంది. ఇతరుల మాటలు మాత్రం మీ లైను మీదుగా దిగివచ్చాకే అందుతాయి, దారిలో తెగితే తెగినట్టే నమోదవుతాయి. క్లౌడ్ రికార్డింగ్ చేసేది సర్వరు కాబట్టి ఎవరి మాటైనా వారి లైను మీదుగా పైకి ఎక్కినంత మేరకే అందులో ఉంటుంది. మీ లైను బాగోకపోతే క్లౌడ్‌లో మీ మాట ఒక్కటే దెబ్బతింటుంది, మిగతావారివి చెక్కుచెదరవు. అదే లైనులో లోకల్‌గా రికార్డు చేస్తే మీ మాట చక్కగా ఉండి మిగతా అందరివీ దెబ్బతింటాయి.

ఈ లెక్కలో చాలామంది తికమకపడేది ‘లోకల్’ అన్న మాట దగ్గరే. లోకల్ అంటే ఎవరి కంప్యూటరు? హోస్టు కంప్యూటరే కానక్కరలేదు. మీటింగులో ఉన్న మరొకరికి అనుమతి ఇస్తే వారి కంప్యూటర్‌లోనూ లోకల్ రికార్డింగ్ నడుస్తుంది. కాబట్టి ఎవరి మాట పోకూడదు, వారి లైను ఎలా ఉంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే యంత్రాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలిసిపోతుంది.

మొదటి పని: లైను ఏ దిక్కున తెగుతోందో చూడండి

‘నెట్ బాగోలేదు’ అన్న మాట ఈ నిర్ణయానికి సరిపోదు. మాట పైకి ఎక్కడంలో ఇబ్బంది ఉందా, కిందికి దిగడంలో ఉందా అన్నది తెలియాలి. దీనికి జూమ్‌లోనే ఒక సాధనం ఉంది. మీటింగ్ నడుస్తుండగా సెట్టింగ్స్ తెరిచి `Statistics` లోకి వెళ్ళి, అందులో `Audio` భాగం చూడండి. `Packet Loss` అన్న వరుసలో `Send`, `Receive` అని రెండు గడులు ఉంటాయి. సెండ్ గడిలోని శాతం మీరు పంపిన దానిలో ఎంత దారిలో పోతోందో చెబుతుంది, రిసీవ్ గడి మీకు రావలసిన దానిలో ఎంత పోతోందో చెబుతుంది. పది నిమిషాల పాటు అప్పుడప్పుడు చూస్తూ ఉండండి. సగటు అంకె ఒకటి రెండు శాతంలో ఉంటే చెవికి పెద్దగా తెలియదు. అది పెరిగేకొద్దీ మాట గరగరలాడటం, పదాల చివరలు మింగేసినట్టు వినిపించడం మొదలవుతుంది. బ్రాకెట్టులో కనిపించే గరిష్ఠ అంకెను కూడా చూడాలి, ఎందుకంటే సగటు తక్కువగానే ఉండి మధ్యమధ్య ఒక్కసారిగా ఎగిసే లైన్లు మన దగ్గర ఎక్కువ.

హాట్‌స్పాట్ మీద ఉన్నవారికి సాధారణంగా సెండ్ గడిలోనే తేడా ముందు కనిపిస్తుంది. టవరు నుంచి వచ్చే సంకేతంతో పోలిస్తే ఫోను నుంచి టవరుకు పోయే సంకేతం చాలా బలహీనం. అందుకే ‘నాకు మీరంతా బాగానే వినిపిస్తున్నారు, నేనే మీకు వినిపించడం లేదు’ అన్న మాట పల్లెల నుంచి తరచుగా వింటుంటాం.

లైను పూర్తిగా తెగిపోయే రకమైతే ఇంకో చిన్న పరీక్ష చేయవచ్చు. విండోస్‌లో రెండు కమాండు కిటికీలు తెరిచి, ఒక్కోదానిలో ఒక్కో వరుస కొట్టి అలాగే నడవనివ్వండి:

```
ping -t 192.168.1.1
ping -t 8.8.8.8
```

మొదటిది మీ ఇంటి రౌటరు చిరునామా. మీ ఇంట్లో అది వేరేగా ఉంటే `ipconfig` అని కొట్టినప్పుడు `Default Gateway` ఎదురుగా కనిపించే అంకెలను వాడండి. తెగినప్పుడు రెండో కిటికీలో మాత్రమే జవాబు ఆగితే తప్పు బయటి లైనులో ఉన్నట్టు. రెండింటిలోనూ ఆగితే తప్పు మీ వైఫైలోనో రౌటరులోనో ఉంది. అలాంటప్పుడు రౌటరు నుంచి కంప్యూటరుకు ఒక తీగ లాగితే ఈ వ్యాసంతో పనే లేకుండా పోవచ్చు. కరెంటు పోయినప్పుడే తెగుతోందంటే రౌటరుకు పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి చాలు, బజారులో 12 వోల్టులవి దొరుకుతాయి. కొనేముందు మీ రౌటరు అడాప్టరు మీద ఉన్న వోల్టేజి చూసుకోండి.

రెండో పని: మీ మీటింగుకు తగినది ఎంచుకోండి

మేము నడుపుకునే ఒక తరగతి సంగతి చెబుతాను, దాంట్లో ఇవన్నీ ఉన్నాయి. కోనసీమలో ఉండే మాస్టారు ఒకరు ఆదివారం ఉదయం ఏడున్నరకు 90 నిమిషాల పాటు ఛందస్సు చెబుతారు. నేర్చుకునేవారిలో కొందరు హైదరాబాదులో, కొందరు డాలస్‌లో ఉన్నారు. వేసవి గడియారంలో వారికి అప్పుడు శనివారం రాత్రి తొమ్మిది. జూమ్ ఖాతా నాది, హోస్టును నేనే, మా ఇంట్లో ఫైబర్ లైను ఉంది. మాస్టారిది హాట్‌స్పాట్.

మొదట్లో నేను నా కంప్యూటర్‌లోనే లోకల్‌గా రికార్డు చేసేవాణ్ణి. నా లైను బాగుంది కాబట్టి అంతా బాగానే వస్తుందని నా లెక్క. విద్యార్థుల గొంతులు గంటలా వచ్చాయి, మాస్టారి గొంతే విరిగింది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు; అందులో ఒక్క అక్షరం లైను మింగినా గణం తప్పినట్టు వినిపిస్తుంది. రికార్డింగు విని నేర్చుకుంటున్న ఒకామె, పదో అక్షరం దగ్గర యతి కుదరడం లేదేమిటండీ అని అడిగితే, తప్పు పద్యంలో లేదని, లైనులో ఉందని చెప్పుకోవలసి వచ్చింది. క్లౌడ్‌కు మార్చాను. అదే విరుపు, అదే చోట. ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు: మాస్టారి మాట సర్వరుకు ఎక్కకముందే దెబ్బతింటోంది, సర్వరుకు అవతల యంత్రాన్ని నేను ఎక్కడ పెట్టుకున్నా తేడా రాదు. ఆయన చేత `Statistics` తెరిపించి చదివిస్తే సెండ్ గడిలో సగటు ఆరు శాతం, రిసీవ్ గడిలో ఒక శాతం అని తేలింది.

అప్పుడు చేసిన ఏర్పాటే ఇప్పటికీ నడుస్తోంది. తరగతి మొత్తానికి నేను క్లౌడ్‌లో రికార్డు చేస్తాను. మాస్టారు తన ల్యాప్‌టాప్‌లో లోకల్‌గా చేస్తారు. పద్యం, వ్యాఖ్యానం ఆయన ఫైలు నుంచి, విద్యార్థుల ప్రశ్నలు క్లౌడ్ ఫైలు నుంచి తీసుకుంటాం. ఒకే కంప్యూటర్‌లో రెండు రకాల రికార్డింగులనూ ఒకేసారి నడపవచ్చని మాత్రం లెక్కవేసుకోవద్దు, రెండో రికార్డింగు రెండో మనిషి చేతిలో ఉండాలి.

మీ సందర్భం వేరేగా ఉండవచ్చు. మీ లైను బలహీనమై, మీరు వినడానికి మాత్రమే కూర్చున్న మీటింగు అయితే క్లౌడ్‌నే ఎంచుకోండి: మీరు బయటపడ్డా మిగతావారు లోపల ఉన్నంతసేపూ సర్వరు రికార్డు చేస్తూనే ఉంటుంది. మీ లైను బలహీనమై, మాట్లాడేది కూడా ప్రధానంగా మీరే అయితే లోకల్ మేలు. ఖాతా ఉచితమైనదైతే, మీటింగులో ఎవరి లైను గట్టిగా ఉందో వారికి లోకల్ రికార్డింగ్ అప్పగించడం క్లౌడ్‌కు దగ్గరి ప్రత్యామ్నాయం, ఎందుకంటే వారు తెగిపోయే అవకాశం తక్కువ కాబట్టి సర్వరు విన్నదే వారూ వింటారు.

మూడో పని: లోకల్ అయితే ముందురోజే చూసుకోవలసినవి

హోస్టు కానివారు రికార్డు చేయాలంటే హోస్టు పాల్గొనేవారి జాబితాలో ఆ పేరు పక్కన ఉన్న మరిన్ని ఎంపికలలోకి వెళ్ళి `Allow to Record Local Files` నొక్కాలి. ఈ అనుమతి ఆ మీటింగుకే చెల్లుతుంది. మనిషి తెగిపోయి తిరిగి వస్తే అనుమతి ఉందో లేదో మరోసారి చూసి ఇవ్వండి.

ఆ కంప్యూటర్‌లో సెట్టింగ్స్ కింద `Recording` భాగంలో ఫైళ్ళు ఏ ఫోల్డరులో చేరుతాయో కనిపిస్తుంది. మామూలుగా అది డాక్యుమెంట్స్‌లోని జూమ్ ఫోల్డరు. చాలా విండోస్ కంప్యూటర్లలో డాక్యుమెంట్స్ ఫోల్డరే వన్‌డ్రైవ్‌తో ముడిపడి ఉంటుందన్న సంగతి ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. అలా నెట్‌తో సమన్వయమయ్యే ఫోల్డరులోగాని, పెన్‌డ్రైవ్‌లోగాని రికార్డింగు పెడితే చివర్లో ఫైలు మార్పిడి చెడే ప్రమాదం ఉంది, పైగా ఉన్న కొద్దిపాటి నెట్‌ను ఆ సమన్వయం తినేస్తుంది. కంప్యూటరు సొంత డిస్కులో మామూలు ఫోల్డరు ఒకటి చేసి దాన్ని చూపించండి.

చోటు గురించి జూమ్ ఇచ్చే అంచనా ప్రకారం ముఖాలు కనిపించే వీడియోకు గంటకు 200 ఎంబీ వరకు, స్క్రీన్ షేరు మాత్రమే అయితే 20 ఎంబీ వరకు పడుతుంది. మా 90 నిమిషాల తరగతికి 300 ఎంబీ అనుకోవచ్చు. మార్పిడి జరిగేటప్పుడు ముడి ఫైలు, తయారైన ఫైలు రెండూ కాసేపు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి నేను ఎప్పుడూ రెండు జీబీ ఖాళీ చూసుకుంటాను.

అదే `Recording` భాగంలో ప్రతి మనిషి గొంతుకూ విడి ఆడియో ఫైలు చేసే ఎంపిక, `Record a separate audio file for each participant`, ఉంటుంది. దాన్ని పెట్టుకోండి. రెండు రికార్డింగులు కలపవలసి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

నాలుగో పని: క్లౌడ్ అయితే మీరు లేకపోయినా నడిచేలా చూడండి

హోస్టు తెగిపోతే జూమ్ హోస్టు బాధ్యతను లోపలున్న మరొకరికి అప్పగిస్తుంది, మీటింగు సాగుతుంది. ముందే నమ్మకమైన ఒకరిని కోహోస్టుగా పెట్టకపోతే ఆ బాధ్యత ఎవరికి పోతుందో చెప్పలేం. తెలియక వారు మీటింగు అందరికీ ముగించే మీట నొక్కితే రికార్డింగు కూడా అక్కడితో ముగుస్తుంది. కోహోస్టు రికార్డింగు మొదలుపెట్టగలరు, ఆగితే మళ్ళీ నడపగలరు. వారు చేసిన క్లౌడ్ రికార్డింగు కూడా హోస్టు ఖాతాలోకే చేరుతుంది. కాబట్టి రికార్డు మీట నొక్కే పనిని కూడా లైను బాగున్న కోహోస్టుకే అప్పగించడం మంచిది.

క్లౌడ్ ఫైలు వెంటనే చేతికి రాదు. మీటింగు ఎంతసేపు నడిచిందో దానికి దాదాపు రెండింతల సమయం పడుతుంది, ఒక్కోసారి 24 గంటల దాకా పట్టవచ్చు. ఆదివారం మధ్యాహ్నమే ఎవరికో పంపుతానని మాట ఇచ్చి ఉంటే ఈ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోండి. దీనికి బదులుగా లోకల్ ఫైలును మీరే పైకి ఎక్కించి పంపాలి: 300 ఎంబీ ఫైలు, 2 ఎంబీపీఎస్ అప్‌లోడు వేగం అయితే ఇరవై నిమిషాలు. అయితే అప్పుడు లైను తెగినా నష్టం లేదు, మళ్ళీ ఎక్కించుకోవచ్చు. మీటింగు నడిచేటప్పుడు పోయిన మాటకు ఆ అవకాశం లేదు.

తెగినప్పుడు

కొన్ని సెకన్ల తెగుడు అయితే జూమ్ తనంతట తానే తిరిగి కలుపుకుంటుంది. ఆ కొన్ని సెకన్లు మాట్లాడకుండా ఆగి, కలిశాక చివరి వాక్యాన్ని మళ్ళీ మొదటి నుంచి చెప్పండి. లైను ఊగిసలాడుతున్నట్టు కనిపిస్తే మీ వీడియో ఆపేయండి. గుంపు మీటింగులో వీడియోకు 600 కేబీపీఎస్ నుంచి ఒక ఎంబీపీఎస్ దాకా కావాలి, మాటకు 60 నుంచి 100 కేబీపీఎస్ చాలు. మాస్టారు పద్యం ఎత్తుకునేటప్పుడు వీడియో ఆపే అలవాటు చేసుకున్నాక సెండ్ గడిలో అంకె సగానికి సగం పడిపోయింది.

పూర్తిగా బయటపడిపోతే లోకల్ రికార్డింగు అక్కడితో ఆగుతుంది. తిరిగి చేరాక అది దానంతట అదే మొదలైందని అనుకోవద్దు. తెర మీద రికార్డింగు గుర్తు ఉందో లేదో చూసి, లేకపోతే అనుమతి అడిగి మళ్ళీ నొక్కండి. విండోస్‌లో లోకల్‌కు `Alt+R`, క్లౌడ్‌కు `Alt+C`. జులైలో ఒక ఆదివారం మాస్టారి ఊళ్ళో గాలివాన వచ్చి పదకొండు నిమిషాలు ఆయన లేరు. ఆ సేపు విద్యార్థులు చంపకమాల మీద వాదించుకున్నది క్లౌడ్‌లో అంతా ఉంది, మాస్టారి దగ్గర రెండు ముక్కల ఫైళ్ళు తయారయ్యాయి.

మీటింగు అయ్యాక మూత వేయకండి

లోకల్ రికార్డింగు మీటింగు నడిచేటప్పుడు ముడి రూపంలో నమోదై, మీటింగు ముగిశాకే ఎంపీ4 ఫైలుగా మారుతుంది. ఆ మార్పిడికి నెట్ అక్కరలేదు, కంప్యూటరు మేలుకుని ఉంటే చాలు. ఆ గాలివాన రోజున మాస్టారు తరగతి అవగానే ల్యాప్‌టాప్ మూసి కరెంటు సంగతి చూసుకోవడానికి వెళ్ళిపోయారు. సాయంత్రం ఫోల్డరు తెరిస్తే వీడియో లేదు, `double_click_to_convert_01.zoom` అన్న ఫైలు మాత్రం ఉంది. ‘ఏదో పనికిరాని ఫైలు మిగిలిందండీ, తీసేయమంటారా?’ అని ఆయన ఫోను చేయబట్టి సరిపోయింది. పేరులోనే చెప్పినట్టు దాని మీద రెండుసార్లు నొక్కితే మార్పిడి తిరిగి మొదలవుతుంది. ఆ రోజు కూడా అలాగే వీడియో బయటికి వచ్చింది. ఆ ఫోల్డరులోని ఫైళ్ళ పేర్లు మార్చడం, వేరే చోటికి జరపడం ఎంపీ4 కంటికి కనిపించేదాకా చేయకండి.

కంప్యూటరు లేని మనిషి మాట కావాలంటే

మాట్లాడే పెద్దాయన ఫోను మీదే మీటింగుకు వచ్చారు, ఆయన లైనే బలహీనంగా ఉంది అనుకోండి. అక్కడ లోకల్ రికార్డింగు లేదు, క్లౌడ్ విరిగిన మాటనే దాస్తుంది. అలాంటప్పుడు ఇంట్లోని రెండో ఫోనులో వాయిస్ రికార్డరు తెరిచి, ఆయనకు ఒక మూర దూరంలో మెత్తని గుడ్డ మీద పెట్టించండి. ఆ ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెడితే మధ్యలో కాల్ వచ్చి రికార్డింగు ఆగదు. జూమ్ రికార్డింగు మొదలైతే అందరికీ తెలుస్తుంది, ఈ ఫోను సంగతి తెలియదు కాబట్టి మాటల్లో చెప్పి ఒప్పుకోలు తీసుకోండి.

మీటింగు మొదట్లో ఆయన చేత ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టించండి, చివర్లో ఇంకోసారి. తరువాత ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో క్లౌడ్ ఆడియోను ఒక వరుసలో, ఫోను ఆడియోను దాని కింది వరుసలో పెట్టి, రెండింటిలోనూ నిలువుగా లేచిన చప్పట్ల గీతను ఒకే చోటికి జరిపితే మాటలు కలుస్తాయి. రెండు యంత్రాల గడియారాలు అచ్చంగా ఒకే వేగంతో నడవవు కాబట్టి గంట దాటిన రికార్డింగులో చివరి చప్పట్లు కొద్దిగా అటూ ఇటూ పడతాయి; అప్పుడు మధ్యలో ఎవరూ మాట్లాడని చోట కోసి రెండో సగాన్ని విడిగా జరుపుకోండి. ఆ తరువాత క్లౌడ్ వరుసలో పెద్దాయన మాట్లాడే భాగాలను నిశ్శబ్దం చేస్తే విరిగిన గొంతు పోయి, ఫోనులో పట్టిన గొంతు నిలుస్తుంది.